కుట్టించే బట్టకు ఒంటి కొలతలు ఎలా తీయాలి: ముందు గుర్తులు, తర్వాతే టేపు

"కొలతలన్నీ సరిగ్గానే ఇచ్చానండీ, అయినా టాప్ ముందువైపు పైకి లేస్తోంది." "చెయ్యి ఎత్తితే చాలు, బట్ట మొత్తం దాంతోపాటే పైకొచ్చేస్తోంది." నన్ను అడిగేవాళ్లలో సగానికి సగం మంది ఈ రెండింట్లో ఏదో ఒకటి అడుగుతారు. ఛాతీ కొలత ఎంత అంటే ఠక్కున చెప్పేస్తారు. మెడ పక్కనుంచి నడుము దాకా ముందు ఎంత, వెనక ఎంత అంటే మాత్రం జవాబుండదు. తంటా అంతా అక్కడే ఉంది.

కారణం ఒక్క ముక్కలో చెప్తాను. ఛాతీ, నడుము లాంటి చుట్టుకొలతల్లో అంగుళం తప్పు వస్తే, కత్తిరించేటప్పుడు అది నాలుగు ముక్కలకు పంచుకుపోతుంది. ముక్కకు పావు అంగుళం. పక్క కుట్లు కాస్త విప్పితే సర్దుకుపోతుంది. పొడవులో అంగుళం తప్పితే ఆ అంగుళం అంతా ఒకేచోట పడుతుంది. విప్పడానికి అక్కడ బట్ట ఉండదు. అందుకే ఛాతీ దగ్గర పడే హైరానాలో సగం పొడవుల దగ్గర పడండి చాలు.

ఇక్కడ చెప్పేది సాగని బట్టతో కుట్టే, ఒంటికి పట్టి ఉండే చేతుల టాప్ గురించి. ఇది సరిగ్గా కొలవడం వస్తే షర్టూ గౌనూ పెద్ద లెక్కలోవి కావు.

కావలసినవి

- సాగని టేపు ఒకటి
- ఒక స్టీలు స్కేలు
- నడుముకు కట్టడానికి సన్నని ఎలాస్టిక్, ఒక గజం చాలు
- మెడలో వేసుకునే సన్నని గొలుసు, అది లేకపోతే కాస్త బరువున్న దారం
- చర్మం మీద గీసినా కడిగితే పోయే పెన్సిల్ లేదా చిన్న స్టిక్కర్లు
- కాగితం, పెన్ను
- కొలిచే మనిషి. ఇది మాత్రం తప్పనిసరి. ఎవరూ లేకపోతే ఏం చేయాలో చివర్లో చెప్పాను.

1. ముందు టేపునే కొలవండి

పాత టేపులు సాగుతాయి. స్టీలు స్కేలు పక్కన పెట్టి 0 నుంచి 12 అంగుళాల దాకా ఒకసారి, 12 నుంచి 24 దాకా ఇంకోసారి చూడండి. రెండు చోట్లా గీతలు కలవాలి. చివర ఉన్న ఇనుప ముక్క వదులైందేమో కూడా గమనించండి. కొన్ని టేపుల్లో సున్నా ఆ ముక్క అంచు దగ్గరే ఉంటుంది, ముక్క కదిలితే ప్రతి కొలతా తప్పుతుంది. అనుమానంగా ఉంటే 1 అంగుళం గీత దగ్గర మొదలుపెట్టి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేయండి. తీసేయడం మర్చిపోయేవాళ్లైతే కొత్త టేపు కొనుక్కోండి.

2. ఏం వేసుకోవాలి, ఎలా నిలబడాలి

కుట్టించబోయే టాప్ కింద ఏ లోదుస్తులు వేసుకుంటారో వాటితోనే కొలవండి. పాతబడి వదులైన బ్రాతో ఒకసారి, గట్టిగా పట్టే దాంతో ఇంకోసారి కొలిచి చూడండి. ఛాతీ చుట్టుకొలత పెద్దగా మారకపోయినా ముందు పొడవు మారిపోతుంది. పైన పలచటి బిగుతు బనియన్ లాంటిది తప్ప ఇంకేమీ వద్దు.

అద్దం ముందు నిలబడి, అద్దంలో మీ కళ్లలోకే చూస్తూ ఉండండి. టేపు మీద ఎంత వచ్చిందో చూడాలని తల వంచకండి. ఈ ఒక్క అలవాటే ఎన్నో బట్టల్ని పాడు చేసింది. తల వంచగానే భుజాలు ముందుకొస్తాయి, వీపు వంగుతుంది. వెనక పొడవు పెరుగుతుంది, ముందు పొడవు తగ్గుతుంది. ఫొటోకి నిలబడ్డట్టు పొట్ట లోపలికి లాక్కుని ఛాతీ విరుచుకోవడం కూడా వద్దు. మామూలుగా మీరు ఎలా నిలబడతారో టాప్ అలాగే ఉండాలి.

3. టేపు ముట్టుకోకముందే గుర్తులు పెట్టండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. భుజం ఎక్కడ అయిపోతుంది, నడుము ఎక్కడ ఉంది అనేది కంటికి ఒక్కోసారి ఒక్కోలా కనిపిస్తుంది. ఒకే మనిషిని ఒకే రోజు రెండుసార్లు కొలిస్తే రెండు రకాలుగా వస్తుందంటే, దానికి టేపు కంటే ఈ గుర్తులు లేకపోవడమే కారణం.

*నడుము:* ఎలాస్టిక్ కట్టి, నిలబడి కుడివైపుకూ ఎడమవైపుకూ ఒంగండి. ఒంట్లో మడత పడే చోటికి ఎలాస్టిక్ దానంతటదే జారుతుంది. అదే నడుము. ప్యాంటు కట్టుకునే చోటు కాదు, బొడ్డు కూడా కాదు. కొలతలన్నీ అయ్యేదాకా ఎలాస్టిక్ విప్పొద్దు.

*మెడ వెనక ఎముక:* తల ముందుకు వంచితే మెడ కింద వేలికి ఒక బొడిపె తగులుతుంది. వేలు అక్కడే ఉంచి తల ఎత్తి, ఆ చోట చుక్క పెట్టండి.

*మెడ పక్క:* గొలుసు వేసుకుంటే అది మెడ మొదట్లో సర్దుకుని కూర్చుంటుంది. పక్కనుంచి చూస్తే ఆ గొలుసు భుజం గీతను దాటే చోటే మెడ పక్క గుర్తు. ముందు, వెనక పొడవులు రెండూ ఇక్కడే మొదలవుతాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇది అర అంగుళం పక్కకు జరిగితే రెండు కొలతలూ మారిపోతాయి.

*భుజం చివర:* చెయ్యి పక్కకు, భుజం ఎత్తు దాకా ఎత్తండి. భుజం పైన ఒక చిన్న గుంట పడుతుంది. అక్కడ వేలు పెట్టి, చెయ్యి నెమ్మదిగా దించి, వేలు ఉన్న చోట చుక్క పెట్టండి. చెయ్యి దించాక గుంట కనిపించదు, అందుకే వేలు తీయకూడదు.

*ఛాతీలో బాగా ముందుకున్న చోటు:* దీన్నే బస్ట్ పాయింట్ అంటారు. ఛాతీ దగ్గర బట్ట ఒంటి వంపుకు తగ్గట్టు కూర్చోవడానికి లోపలికి మడిచి కుట్టే డార్ట్ ఎక్కడికి రావాలో ఇదే చెబుతుంది.

*పక్క గీత:* చంక మధ్య నుంచి నడుము ఎలాస్టిక్ దాకా నిలువుగా స్కేలు ఆనించి ఒక గీత. టాప్ పక్క కుట్టు ఈ గీత మీదే రావాలి.

4. ఛాతీ, నడుము

ఛాతీ కొలిచేటప్పుడు టేపు వీపు మీద కిందికి జారిపోతుంది. ముందు నుంచి చూస్తే తెలియదు. కొలిచేవాళ్లు ఒకసారి పక్కనుంచి చూసి, టేపు నేలకు సమానంగా ఉందో లేదో సరిచూడాలి. చేతులు కిందికి వేలాడేసి, మామూలుగా ఊపిరి వదిలి, మళ్లీ పీల్చకముందు చదవండి. టేపు ఒంటిని తాకాలి, నొక్కకూడదు. పక్కకు లాగితే జరగాలి, వదిలేస్తే పడిపోకూడదు.

టేపు లోపల వేళ్లు పెట్టొద్దు. "ఊపిరాడాలి కదా" అని రెండు వేళ్లు పెడితే అక్కడే దాదాపు అంగుళం కలుస్తుంది. రాసుకునేటప్పుడు ఎందుకైనా మంచిదని అర అంగుళం కలుపుతారు. కుట్టేవాళ్లు మామూలుగా వేసే లూజు రెండున్నర అంగుళాలు కలుపుతారు. మొత్తం నాలుగు అంగుళాలు అదనం. పట్టి ఉండాల్సిన టాప్ గోనెసంచిలా వేలాడిందంటే చాలాసార్లు జరిగింది ఇదే. కొలత ఒంటిది, లూజు బట్టది. లూజు ఒక్కసారే, ఒక్కరే కలపాలి.

చుట్టుకొలత అయ్యాక ఇంకో పని ఉంది. ముందువైపు పక్క గీత నుంచి పక్క గీత దాకా ఎంత, వెనకవైపు ఎంత, విడిగా కొలవండి. రెండూ కలిపితే చుట్టుకొలత రావాలి. పావు అంగుళానికి మించి తేడా వస్తే గీతలు జరిగాయని అర్థం.

5. ముందు పొడవు, వెనక పొడవు

ముందు పొడవు: మెడ పక్క గుర్తు నుంచి బస్ట్ పాయింట్ మీదుగా నడుము ఎలాస్టిక్ దాకా. బస్ట్ పాయింట్ దగ్గర ఎంత వచ్చిందో కూడా రాసుకోండి, డార్ట్‌కు అది కావాలి. బస్ట్ పాయింట్ దాటాక టేపును నిట్టనిలువుగా వదలండి. ఛాతీ కింద గుంటలోకి వేలితో నొక్కితే పొడవు పెరిగిపోతుంది.

వెనక పొడవు: అదే మెడ పక్క గుర్తు నుంచి వీపు మీదుగా ఎలాస్టిక్ దాకా. మెడ వెనక ఎముక నుంచి ఎలాస్టిక్ దాకా ఇంకో కొలత తీసుకోండి. రెండూ వేరు వేరు కొలతలు. ఏది దేనిదో పక్కన రాయకపోతే కుట్టేవాళ్లు ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తారు.

మా ఇంట్లోనే జరిగిన సంగతి ఒకటి చెప్తాను. మా ఆడపడుచు తనను తానే కొలుచుకుని అంకెలు పంపింది. ఛాతీ 38, నడుము 32, ముందు పొడవు 16½, వెనక పొడవు 16¾. నేను అంకెలు నమ్మి కత్తిరించాను. అప్పుడే ఆగి ఉండాల్సింది, ఎందుకంటే 38 ఛాతీ ఉన్న మనిషికి వెనక కంటే ముందు తక్కువ రావడం ఏమిటి? వేసుకున్నాక ముందంచు వెనకంచు కంటే అంగుళంన్నర పైకి లేచింది. మెడ వెనక్కి జారుతోంది. తను రోజంతా ముందుకు లాక్కుంటూనే ఉంది.

మళ్లీ గుర్తులు పెట్టి కొలిస్తే ముందు 17½, వెనక 16¼ వచ్చాయి. టేపు చదవడానికి తల వంచడంతో ముందు అంగుళం తగ్గి, వెనక అర అంగుళం పెరిగింది. ఆ రెండూ కలిస్తేనే అంచులో కనిపించిన అంగుళంన్నర. భుజం కుట్టులో విప్పుదామంటే లోపల అర అంగుళమే ఉంది.

అదే టాప్‌లో ఇంకో తప్పు నాది. ఛాతీ 38ని ముందుకు 19, వెనక్కి 19 అని సగం సగం చేశాను. తనకు ముందు 20½, వెనక 17½. ముందు ముక్కకు అంగుళంన్నర చాలక పక్క కుట్లు రెండూ ముందుకు తిరిగిపోయాయి. చుట్టుకొలత మొత్తం సరిపోయింది, అయినా ఛాతీ దగ్గర బిగుతు, వీపు మీద ముడతలు. "ఛాతీ చాలలేదు, లూజు పెంచు" అంది తను. పెంచి ఉంటే వీపు ఇంకా వదులయ్యేది. ముందువెనకలు విడిగా కొలవమని పైన చెప్పింది అందుకే.

6. భుజం, వీపు అడ్డం

ఒక భుజం చివర చుక్క నుంచి మెడ వెనక ఎముక మీదుగా రెండో భుజం చివర దాకా కొలవండి. వేసుకున్న బట్ట చేతి కుట్టు నుంచి కొలవొద్దు, ఆ కుట్టు ఎక్కడైనా ఉండొచ్చు.

తర్వాత వీపు అడ్డం. భుజం చివరకూ చంకకూ మధ్యలో, ఒకవైపు చెయ్యి వీపును కలిసే మడత నుంచి రెండోవైపు మడత దాకా. ఇది కొలిచేటప్పుడు చేతులు కొద్దిగా ముందుకు పెట్టమనండి. కదలకుండా నిలబడి కొలిచిన వీపుతో టాప్ కుట్టిస్తే, నిలబడ్డప్పుడు బాగానే ఉంటుంది, స్టీరింగ్ పట్టుకుంటే చిరుగుతుంది.

భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో అద్దంలో చూడండి. సరిగ్గా సమానంగా ఉండేవాళ్లు తక్కువ. తేడా కంటికి కనిపిస్తే రెండు వైపులా పొడవులు విడిగా తీసి, ఏ భుజం కిందికి ఉందో రాయండి.

7. చంక, చెయ్యి

"చంక దగ్గర పట్టేస్తోంది, కిందికి దించి కుట్టండి" అనేది అందరూ అడిగేదే. దించితే నిలబడ్డప్పుడు హాయిగానే ఉంటుంది. చెయ్యి ఎత్తారంటే మాత్రం బట్ట మొత్తం పైకొస్తుంది. ఎందుకంటే చంక ఎంత కిందికి ఉంటే, పక్క కుట్టు నుంచి మోచేతి దాకా చేతి లోపలి వైపు బట్ట అంత తగ్గిపోతుంది. చెయ్యి ఎత్తడానికి కావలసిన బట్ట అక్కడ దొరక్క, నడుము దగ్గర నుంచి లాక్కుంటుంది. పట్టేయడానికి కారణం తరచుగా వీపు అడ్డం చాలకపోవడమో, చెయ్యి బిగుతుగా ఉండడమో అవుతుంది. చంకను నిందించే ముందు ఆ రెండూ చూడండి.

చంక లోతు తీయడానికి ఒక స్కేలు అడ్డంగా చంకలో పెట్టి, నేలకు సమానంగా పట్టుకోమనండి. స్కేలును పైకి నొక్కకూడదు, ఊరికే తాకాలి. వీపు మీద స్కేలు పై అంచు ఎత్తులో చిన్న గీత పెట్టి, మెడ వెనక ఎముక నుంచి ఆ గీత దాకా కొలవండి. చంక గుండ్రం కూడా తీయండి. భుజం చివర నుంచి చంక కింద నుంచి తిప్పి మళ్లీ భుజం చివరకు, చెయ్యి వేలాడేసి ఉండగా.

చేతి పొడవు భుజం చివర నుంచి, మోచెయ్యి కొద్దిగా వంచి, మోచేతి ఎముక మీదుగా మణికట్టు దాకా. చెయ్యి చాపి కొలిస్తే, వంచినప్పుడు చెయ్యి పొట్టిదవుతుంది. పొట్టి చేతులకైతే ఈ గొడవ లేదు, ఎక్కడిదాకా కావాలో అక్కడ చుట్టుకొలత తీస్తే చాలు. దండ దగ్గర లావుగా ఉన్న చోట కొలిచేటప్పుడు కండ బిగించొద్దు, మగవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి.

8. రాసుకునే పద్ధతి

అంగుళాల్లో కొలిచేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా టేపుల మీద అంగుళానికి 8 గీతలుంటాయి. 14 దాటి 2 గీతలు వస్తే కొందరు "14.2" అని రాసేస్తారు. అది 14¼. ఇంకొకరు దాన్ని దశాంశంగా చదువుతారు. 14 దాటి 6 గీతలు వచ్చి "14.6" అని రాస్తే అసలు కొలత 14¾, చదివేవాళ్లు మాత్రం పద్నాలుగున్నర దగ్గర కత్తిరిస్తారు. పావు, అర, ముప్పావు అని మాటల్లో రాయండి, లేదా మొత్తం సెంటీమీటర్లలోనే తీయండి. రెండూ కలపొద్దు.

కాగితం పైన "ఒంటి కొలతలు, లూజు కలపలేదు" అని రాయండి. ఏ లోదుస్తులతో కొలిచారో, ఏ తేదీనో కూడా.

కత్తిరించే ముందు సరిచూసుకోవడం

ప్రతి కొలతా మూడుసార్లు తీయండి, కానీ వరసగా మూడుసార్లు కాదు. మొత్తం జాబితా ఒకసారి పూర్తిచేసి, మళ్లీ మొదటి నుంచి. వరసగా తీస్తే మొదటి అంకె కళ్లలో ఉండి అదే కనిపిస్తుంది. రెండు దగ్గరగా ఉండి ఒకటి దూరంగా ఉంటే ఆ దూరమైనదాన్ని వదిలేయండి. మూడూ మూడు రకాలుగా ఉంటే గుర్తు తప్పు, టేపు కాదు.

తర్వాత ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ముందు ఛాతీ, వెనక ఛాతీ కలిపితే మొత్తం వస్తోందా? ముందు పొడవు వెనక పొడవు కంటే ఎక్కువ ఉందా? ఛాతీ బాగా తక్కువైనవాళ్లకూ వీపు వంగినవాళ్లకూ సమానంగా రావచ్చు, మిగతావాళ్లకు సమానంగా వచ్చిందంటే మళ్లీ కొలవాలి. వీపు అడ్డం భుజం కొలత కంటే తక్కువ ఉందా? ఎక్కువమందిలో తక్కువే ఉంటుంది. ఎక్కువ వస్తే భుజం చివర చుక్క లోపలికి పెట్టారేమో చూడండి.

మీకు బాగా అమరే టాప్ ఒకటి ఉంటే దాన్ని సాక్ష్యంగా వాడండి. గుండీలు పెట్టి, నేల మీద పరిచి, చేత్తో సర్ది, చంక కింద ఇటు నుంచి అటు కొలిచి రెట్టింపు చేయండి. 40½ వచ్చిందనుకోండి, మీ ఛాతీ 38 అయితే మీకు నచ్చే లూజు రెండున్నర. సాగని బట్టతో పట్టి ఉండే టాప్‌కు రెండు నుంచి మూడు అంగుళాలు మామూలే కాబట్టి కొలత నమ్మొచ్చు. అదే లెక్కలో లూజు ఒక్కటో, ఐదో వస్తే ఎక్కడో తప్పుంది. సాగే బట్ట టాప్‌ను మాత్రం సాక్ష్యానికి తేవద్దు, అది ఒంటి కొలత కంటే చిన్నదిగా ఉండి కూడా పట్టేస్తుంది.

కొలిచేవాళ్లు ఎవరూ లేకపోతే

ఛాతీ, నడుము, ముందు పొడవు, దండ చుట్టూ ఒక్కరే తీసుకోవచ్చు. ఫోన్ పక్కన పెట్టి వీడియో తీసి, టేపు జారిందో లేదో తర్వాత చూడండి. టేపు మీద అంకె చదవడానికి తల వంచకుండా, ఆ చోట వేళ్లతో గట్టిగా పట్టుకుని, టేపు ఒంటి మీద నుంచి తీశాక చదవండి. భుజం, వీపు అడ్డం, వెనక పొడవు మాత్రం ఒక్కరి వల్ల కాదు. వీటికి బాగా అమరిన పాత టాప్ నుంచే కొలత తీసి, పక్కన "బట్ట కొలత" అని రాయండి. దానికి మళ్లీ లూజు కలపకూడదు.

ఖరీదైన బట్ట అయితే ముందు చవక నూలు బట్టతో చేతుల్లేకుండా ఒకటి కుట్టి వేసుకు చూడండి. నడుము దగ్గర గీత గీసి ఉంచండి. ఆ గీత ఎలాస్టిక్ మీద చుట్టూ సమానంగా కూర్చుంటే పొడవులు సరిగ్గా ఉన్నట్టు. ముందు పైకి ఉంటే ముందు పొడవు చాలలేదు, ఎంత పైకి ఉందో కొలిస్తే ఎంత కలపాలో అదే. పక్క కుట్టు నిలువుగా కాకుండా ముందుకు ఒరిగితే ఛాతీ పంపకం తప్పింది, మొత్తం కాదు. అసలు బట్ట ఉతికితే కుంచించుకుపోయే రకమైతే కత్తిరించే ముందే ఒకసారి ఉతికి ఆరేయండి.